300 బార్ సిలిండర్‌లో మొదటి వంద బార్ ఎందుకంత త్వరగా అయిపోతోంది?

పీల్చేగాలి
శ్వాస పరికరాల సిలిండర్ మీద బల్ల పరీక్ష చేశాం. లెక్క కుదరడం లేదు. వివరాలన్నీ ఇస్తున్నాను, తప్పెక్కడుందో చెప్పండి.

సిలిండర్ కాంపోజిట్‌ది, మీద కొట్టిన నీటి పరిమాణం 6.8 లీటర్లు. మామూలు గాలితో 300 బార్‌కి నింపి రాత్రంతా వదిలేశాం. పొద్దున గది ఉష్ణోగ్రత 27 డిగ్రీలు, గేజ్‌లో ముల్లు సరిగ్గా 300 మీద ఉంది. రెగ్యులేటర్ పెట్టి, ఫ్లోమీటర్ ద్వారా నిమిషానికి 40 లీటర్లు స్థిరంగా వదిలాం. స్టాప్‌వాచ్‌తో చూసిన సమయాలు ఇవి:

300 నుంచి 200 బార్‌కి: 12 నిమిషాల 20 సెకన్లు
200 నుంచి 100 బార్‌కి: 15 నిమిషాల 40 సెకన్లు
100 నుంచి 10 బార్‌కి: 15 నిమిషాల 50 సెకన్లు

నేను వేసిన లెక్క ప్రకారం ప్రతి వంద బార్‌కీ 6.8 × 100 = 680 లీటర్లు రావాలి, అంటే 17 నిమిషాలు. 10 బార్ దాకా మొత్తం 1,972 లీటర్లు, 49 నిమిషాల పైచిలుకు. వచ్చింది 44 నిమిషాల లోపే. పైగా ఆ తేడా అంతా సమంగా పరుచుకుని లేదు. మొదటి వందలోనే దాదాపు ఐదు నిమిషాలు పోయాయి, చివర్లో మాత్రం లెక్కకు దగ్గరగానే ఉంది. చివరి 90 బార్‌కి లెక్క 15 నిమిషాల 18 సెకన్లయితే అంతకంటే కాస్త ఎక్కువే వచ్చింది.

వాల్వు మేస్త్రి
లీకండీ. ఇంకేం కాదు. పీడనం ఎక్కువ ఉన్నప్పుడు లీకు ఎక్కువ ఉంటుంది, పీడనం పడేకొద్దీ లీకు తగ్గుతుంది. మీ అంకెలు అచ్చం అలాగే ఉన్నాయి. వాల్వు మెడ దగ్గర ఓ-రింగ్ చూడండి, సబ్బునీళ్ళు రాయండి.

ఇంకో మాట. గేజ్ చూపించేది వాతావరణ పీడనం పైన ఎంత ఉందో. బాయిల్ సూత్రంలో పెట్టేది సంపూర్ణ పీడనం. 300కి ఒకటి కలిపి 301 అని వేసుకోవాలి. ముల్లు సున్నాకి వచ్చినప్పుడు సిలిండర్‌లో ఇంకా 6.8 లీటర్ల గాలి ఉంటుంది, అది బయటికి రాదు. ఈ రెండూ సరిచూసుకోండి.

పీల్చేగాలి
సబ్బునీళ్ళు రాశాం, బుడగ ఒక్కటి కూడా లేదు. మళ్ళీ 300కి నింపి, చల్లారాక, రెగ్యులేటర్ బిగించి వాల్వు తెరిచి, ప్రవాహం మాత్రం మూసి గంటసేపు ఉంచాం. ముల్లు కదల్లేదు.

ఒకటి కలపడం గురించి: 301 నుంచి 201 తీసేసినా వందే కదా. రెండు వైపులా కలిపితే తేడాలో అది కొట్టుకుపోతోంది.

బరువుతూకం
మేస్త్రి గారు చెప్పిన రెండో మాట సరైనదే, కానీ ఈ తేడాకి అది కారణం కాదు. లీకు కూడా కాదు. మీరు లెక్కలో చేసిన అంకగణితమూ తప్పు కాదు. 300 బార్ దగ్గర గాలి ఆదర్శ వాయువులా ప్రవర్తించదు, అంతే సంగతి. మీ స్టాప్‌వాచ్ దాన్ని చక్కగా పట్టుకుంది.

పీడనాన్ని సిలిండర్ పరిమాణంతో గుణిస్తే వచ్చేది ఆదర్శ లెక్క. నిజమైన గాలికి ఆ ఫలితాన్ని సంపీడ్యతా గుణకంతో భాగించాలి. జెడ్ అంటాం దాన్ని. 27 డిగ్రీల దగ్గర గాలికి పట్టికల్లో ఉండే విలువలు దాదాపుగా ఇవి:

```
బార్ (సంపూర్ణ)     Z
  60            0.990
 100            0.993
 150            1.007
 200            1.033
 250            1.067
 300            1.109
```

ఒకసారి ఈ వరసను పైకీ కిందికీ చూడండి. 60 బార్ నుంచి 150 దాకా ఒకటికి అటూ ఇటూ ఒక శాతం లోపే. ఆ భాగంలో సాదా గుణకారం చాలు. 150 దాటాక జెడ్ వేగంగా ఎక్కుతుంది, 300 వచ్చేసరికి ఒకటి పైన 11 శాతం. అంటే ముల్లు 300 చూపిస్తున్నా లోపల ఉన్న గాలి, మీరు అనుకున్నదాంట్లో పదో వంతు తక్కువ.

ఇక రెండు పీడనాల మధ్య బయటికి వచ్చే గాలి:

```
V = Vc × (P1/Z1 − P2/Z2) / P0
```

P1, P2 సంపూర్ణ పీడనాలు, P0 బయటి పీడనం. సులువు కోసం దాన్ని 1 బార్ అనుకుందాం. ఇప్పుడు మీ సిలిండర్ తీసుకుంటే:

300 బార్ దగ్గర లోపలున్నది 6.8 × 301 ÷ 1.109, అంటే సుమారు 1,846 లీటర్లు.
200 దగ్గర 6.8 × 201 ÷ 1.033, అంటే 1,323.
100 దగ్గర 6.8 × 101 ÷ 0.993, అంటే 692.
10 బార్ దగ్గర జెడ్ దాదాపు ఒకటే, అక్కడ 75.

తీసివేతలు చేస్తే మొదటి వందకి వచ్చేది 523 లీటర్లు, రెండో వందకి 631, చివరి తొంభైకి 617. మీ 40 లీటర్ల ప్రవాహానికి అవి 13 నిమిషాల 4 సెకన్లు, 15 నిమిషాల 47 సెకన్లు, 15 నిమిషాల 25 సెకన్లు. మొత్తం 44 నిమిషాల 16 సెకన్లు. మీకు వచ్చింది 43 నిమిషాల 50 సెకన్లు. ఒక శాతం తేడా.

పీల్చేగాలి
అమ్మో. అంటే పైనున్న ఒక్కో బార్‌కీ ఐదు లీటర్ల పైచిలుకే వస్తోందన్నమాట, కింద దాదాపు ఏడు. గేజ్ మీద మాత్రం గీతలన్నీ సమానంగా ఉన్నాయి.

బరువుతూకం
అదేనండి అసలు విషయం. గేజ్ కొలిచేది పీడనాన్ని, గాలిని కాదు. ముల్లు మూడోవంతు తిరిగితే గాలి మూడోవంతు అయిందని కళ్ళు అనుకుంటాయి. మీ సిలిండర్‌లో మొదటి మూడోవంతు తిరిగేసరికి అయిపోయింది 28 శాతమే.

మొదటిబెంచి
నాకో సందేహం. PV = nRT లో ఎక్కడా ఏ వాయువో రాయనే లేదు కదా. మరి ఈ జెడ్ ఎక్కడి నుంచి వస్తుంది? ఒకటికి తక్కువై, తర్వాత ఎక్కువ ఎందుకవుతుంది? ఒకే దిక్కుకి పోవాలి కదా.

బరువుతూకం
రెండు కారణాలు ఎదురెదురుగా లాగుతాయి. అణువులు ఒకదాన్నొకటి కొద్దిగా ఆకర్షించుకుంటాయి. దానివల్ల గోడ మీద కొట్టే దెబ్బ మెత్తబడి, అదే పీడనానికి కాస్త ఎక్కువ గాలి పడుతుంది. అప్పుడు జెడ్ ఒకటికి దిగువన ఉంటుంది. కానీ గట్టిగా కుక్కేకొద్దీ అణువులు తాము ఆక్రమించే చోటు లెక్కలోకి వస్తుంది. 300 బార్ దగ్గర మీ 6.8 లీటర్లలో అవి తిరగడానికి నిజంగా మిగిలే ఖాళీ 6.8 కాదు. ఇంకొంచెం గాలి దూర్చాలంటే పీడనం ఎక్కువ పెంచాలి. అప్పుడు జెడ్ ఒకటి దాటుతుంది. ఈ ఉష్ణోగ్రత దగ్గర గాలికి ఈ రెండూ సరిసమానమయ్యేది 125 బార్ చుట్టుపక్కల.

మొదటిబెంచి
అయితే వాన్ డెర్ వాల్స్ సమీకరణం పెడితే పట్టిక అక్కర్లేదు. నేను వేసి చూశాను: 301 బార్‌కి 1,875 వచ్చింది. ఇంకో పుస్తకంలోని స్థిరాంకాలు పెడితే 1,890 దాటింది.

బరువుతూకం
పట్టిక లెక్క 1,846. సాదా గుణకారం 2,047. కాబట్టి మీ సమీకరణం తేడాలో ఎక్కువ భాగాన్ని పట్టుకుంది, ముప్పై నలభై లీటర్లు వదిలేసింది. దిశ తెలుసుకోవడానికి మంచిదే. అయితే స్థిరాంకం మారితే జవాబు మారిపోతోంది, అది మీరే చూశారు. మనిషి ఊపిరి ఆధారపడే లెక్కకి మాత్రం పట్టికే వాడండి. పట్టికలో లేని పీడనం వస్తే రెండు విలువల మధ్య సరళరేఖ గీసుకుంటే చాలు.

వెల్డర్ బాబాయి
ఇక్కడే అడుగుతున్నా, ఏమనుకోకండి. మా దగ్గర కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ ఉంది. గేజ్ ఎప్పుడు చూసినా 57, 60 అక్కడే ఉంటుంది, ఎంత వాడినా పడదు. ఒక రోజు ఉన్నట్టుండి పడిపోతుంది. మీరు చెప్పే ఈ జెడ్ వల్లేనా?

బరువుతూకం
కాదు బాబాయ్, అది వేరే సంగతి. మీ సిలిండర్‌లో ఉన్నది ద్రవం. ద్రవం పైన ఆవిరి పీడనం ఉష్ణోగ్రతను బట్టి నిలబడుతుంది, ద్రవం ఎంత మిగిలిందన్నదానితో దానికి పనిలేదు. 20 డిగ్రీల దగ్గర దాదాపు 57 బార్, 25 దగ్గర 64. ద్రవం చివరి చుక్క ఆవిరయ్యాక మాత్రమే ముల్లు కిందికి దిగుతుంది. అక్కడ వాయు సూత్రంతో మిగిలింది ఎంతో చెప్పలేం. తూకం వేయాలి. సిలిండర్ మీద కొట్టిన ఖాళీ బరువు తీసేస్తే మిగిలిందే గ్యాస్. 31 డిగ్రీలు దాటితే అసలు ద్రవం, ఆవిరి అన్న తేడానే పోతుంది, అప్పుడు పీడనం నింపినదాన్ని బట్టి ఎటైనా పోవచ్చు.

వెల్డర్ బాబాయి
అర్థమైంది. మరి ఆర్గాన్?

బరువుతూకం
ఆర్గాన్ ద్రవంగా ఉండదు, దానికి ముల్లు పనికొస్తుంది. 50 లీటర్ల సిలిండర్, 200 బార్ అయితే సాదా లెక్క 10 ఘనపు మీటర్లు. సరఫరాదారుల పట్టికల్లో 10.7 అని రాసి ఉంటుంది. ఆర్గాన్‌కి అక్కడ జెడ్ ఒకటికి తక్కువ కాబట్టి ఎక్కువే పడుతుంది. అదే సిలిండర్‌లో అదే పీడనానికి హీలియం పెడితే 9.1. సిలిండర్ ఒకటే, ముల్లు ఒకటే, లోపలున్నది మాత్రం వేరు.

తెల్లకోటు
నాది ఆక్సిజన్ వైపు సందేహం. రోగిని తరలించేటప్పుడు 10 లీటర్ల సిలిండర్, 150 బార్, కాబట్టి 1,500 లీటర్లు అని వేసుకుంటాం. ఈ చర్చ చదివాక భయం వేసింది. మేం కూడా పదో వంతు తగ్గించుకోవాలా?

బరువుతూకం
వద్దండి. ఆక్సిజన్‌కి 150 బార్ దగ్గర జెడ్ సుమారు 0.95. 10 × 151 ÷ 0.95 వేస్తే 1,590 చుట్టుపక్కల వస్తుంది. మీ సాదా లెక్క ఒక ఐదారు శాతం తక్కువ చెబుతోంది, అది రోగికి మేలు చేసే పొరపాటు. అలాగే ఉంచుకోండి. మీకు ఎక్కువ తేడా తెచ్చేది జెడ్ కాదు, ముల్లు సున్నా దాకా వాడొచ్చనుకోవడం. అడుగున ఎంత వదలాలో ముందే తీసేసి, మిగిలినదాన్నే ప్రవాహంతో భాగించండి. అడుగున 20 బార్ వదిలితే 10 × 130 = 1,300 లీటర్లు, నిమిషానికి 10 లీటర్లయితే 130 నిమిషాలు. 1,500ని పదితో భాగించి 150 అని రాసుకుంటే ఆ చివరి ఇరవై నిమిషాలు లేనట్టే.

తెల్లకోటు
అడుగున వదలడం మా కాగితంలో ఉంది, కానీ చాలామంది వేయరు. థాంక్స్ అండీ.

వాల్వు మేస్త్రి
సరే, లీకు మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఇంత లెక్క ఎందుకండీ? 300 బార్ సిలిండర్ అయితే గుణించి పది శాతం కోసేయడమే. బోర్డు మీద రాసుకోవడానికి సులువు. పీల్చేగాలి గారూ, మీ విజిల్ ఎన్ని బార్‌కి మోగుతుంది?

పీల్చేగాలి
55 దగ్గర. మా పని సమయం లెక్క 300 నుంచి 55 దాకా మాత్రమే. విజిల్ తర్వాత ఉన్నది బయటికి రావడానికే, దాన్ని పనిలో కలపం.

వాల్వు మేస్త్రి
మరింకేం. 6.8 × 245 = 1,666. పది శాతం తీస్తే 1,499. నలభైతో భాగిస్తే 37 నిమిషాలు. అయిపోయింది.

బరువుతూకం
ఆగండి మేస్త్రి గారూ, అక్కడే ఒక చిక్కుంది. పట్టికతో వేద్దాం. 55 బార్ గేజ్ అంటే 56 సంపూర్ణ, జెడ్ 0.990. 6.8 × 56 ÷ 0.990 = 385 లీటర్లు ఇంకా లోపల ఉన్నాయి. 1,846 లోంచి తీస్తే 1,461. మీ పది శాతం కోత వేసినా 38 లీటర్లు ఎక్కువే చెప్పింది, దాదాపు ఒక నిమిషం.

ఎందుకంటే పది శాతం లోటు మొత్తం సిలిండర్‌ది. ఆ లోటంతా పై భాగంలోనే ఉంది. విజిల్ కిందున్న 55 బార్‌లో లోటు లేదు, సాదా లెక్కకి 374 వస్తే నిజంగా బయటికి వచ్చేది 378. కాబట్టి పని సమయంలో పడే కోత పది కాదు, పన్నెండు పైన. కోతను సిలిండర్ మొత్తానికి సమంగా పరిస్తే పైన తక్కువ కోసి, కింద అనవసరంగా కోసినట్టు.

సాదా లెక్కలో 41 నిమిషాల 40 సెకన్లు. పట్టిక లెక్కలో 36 నిమిషాల 30 సెకన్లు. బోర్డు మీద ఈ ఐదు నిమిషాలు తప్పు రాస్తే లోపలున్న మనిషిని బయటివాళ్ళు ఆలస్యంగా పిలుస్తారు.

వాల్వు మేస్త్రి
ఒక్క నిమిషం కోసం పట్టిక పట్టుకుని తిరగమంటారా? పూర్తిగా నిండని సిలిండర్ తీసుకోండి. 200 చూపిస్తోంది అనుకుందాం. నా పద్ధతిలో 6.8 × 145 × 0.9 = 887. మీ పట్టికతో ఎంత?

బరువుతూకం
1,323 లోంచి 385 తీస్తే 938. అక్కడ మీ పద్ధతి తక్కువ చెబుతోంది, ప్రమాదం లేదు. ఒప్పుకుంటాను, 250కి దిగువన మొదలుపెట్టే ఎవరికైనా మీ కోత సరిపోతుంది. పూర్తి 300 దగ్గర మాత్రం సరిపోదు. అదే ఎక్కువమంది మొదలుపెట్టే చోటు.

పీల్చేగాలి
నాకు రెండూ కలిపి ఒక దారి తోస్తోంది. పట్టిక ఒక్కసారి వేసి, ప్రతి పది బార్‌కీ పని లీటర్లు ఎన్నో చిన్న కార్డు మీద రాసి గేజ్ పక్కన తగిలిస్తే, అక్కడికక్కడ ఎవరూ గుణించక్కర్లేదు.

బరువుతూకం
అది అన్నిటికంటే మేలు. కార్డు మీద సిలిండర్ నీటి పరిమాణం, వాయువు పేరు, ఉష్ణోగ్రత తప్పకుండా రాయండి. 6.8 కార్డు తీసుకెళ్ళి 9 లీటర్ల సిలిండర్‌కి తగిలిస్తే మళ్ళీ మొదటికొస్తుంది. ఇంకా నిమిషానికి 40 అన్నది ఒక అనుకోలు మాత్రమేనని కూడా రాయండి. గట్టిగా పనిచేసే మనిషి 60 పీలిస్తే అదే 1,461 లీటర్లు 24 నిమిషాలకే అయిపోతాయి. జెడ్ తెచ్చే తేడా దీని ముందు చిన్నది.

అటకమీద
మధ్యలో వస్తున్నా. 200 బార్ సిలిండర్లు తీసేసి 300 బార్‌వి తెస్తే ఒకటిన్నర రెట్లు గాలి దొరుకుతుందని మా దగ్గర లెక్క వేస్తున్నారు. పరిమాణం రెండిటికీ 10 లీటర్లే. ఈ జెడ్ ప్రకారం అది తప్పా?

బరువుతూకం
తప్పే. 200 దగ్గర 10 × 201 ÷ 1.033 = 1,946. 300 దగ్గర 10 × 301 ÷ 1.109 = 2,714. పెరిగింది 39 శాతం, 50 కాదు. పీడనం ఇంకా పెంచుకుంటూ పోతే లాభం ఇంకా సన్నబడుతుంది, గాలికి 400 బార్ దగ్గర జెడ్ 1.2 దాటుతుంది.

మొదటిబెంచి
నాది ఇంకో ప్రశ్న. ఆ పరీక్ష మొదటి భాగంలో పట్టిక లెక్క 13 నిమిషాల 4 సెకన్లు, స్టాప్‌వాచ్ 12 నిమిషాల 20. అక్కడ ఇంకా 44 సెకన్ల తేడా మిగిలే ఉంది. చివరి భాగంలో మాత్రం లెక్క కంటే 25 సెకన్లు ఎక్కువ వచ్చింది. జెడ్ పెట్టాక కూడా తేడాలు పూర్తిగా పోలేదు.

బరువుతూకం
బాగా పట్టారు. నాకు రెండు కారణాలు కనిపిస్తున్నాయి, ఈ అంకెలతో ఏదని చెప్పలేను.

మొదటిది చల్లదనం. గాలి బయటికి పోతున్నప్పుడు లోపల మిగిలింది వ్యాకోచించి చల్లబడుతుంది. కాంపోజిట్ గోడ వేడిని మెల్లగా పంపుతుంది, కాబట్టి లోపలి గాలి గది ఉష్ణోగ్రతకి వెంటనే రాదు. చల్లబడ్డ గాలికి పీడనం తక్కువ, అందుకే నిజంగా అయిపోయిన దానికంటే ముందే ముల్లు 200కి వస్తుంది. తర్వాత మెల్లగా వేడెక్కేకొద్దీ ఆ గాలి చివర్లో తిరిగి కనిపిస్తుంది. మీ చివరి భాగం కాస్త ఎక్కువ రావడం దీనితో కుదురుతుంది.

రెండోది గేజ్. 400 బార్ స్కేలు ఉండి, ఖచ్చితత్వం 1.6 తరగతి అయితే ఎక్కడైనా 6.4 బార్ దాకా అటూ ఇటూ చూపించవచ్చు. పై భాగంలో 6 బార్ అంటే ముప్పై లీటర్లు, 44 సెకన్లకి సరిగ్గా సరిపోతుంది. 300 అని చూపించినప్పుడు నిజానికి 294 ఉండి ఉండొచ్చు.

వేరు చేయడం కష్టం కాదు. 300 నుంచి 200కి తెచ్చి ప్రవాహం ఆపేయండి. అరగంట, కుదిరితే గంట ఆగండి. ముల్లు ఐదారు బార్ పైకి లేస్తే చల్లదనమే. కదలకపోతే గేజ్‌ను అనుమానించండి, సరిచూసిన మరో గేజ్ పెట్టి పోల్చండి.

మొదటిబెంచి
ఇంకొకటి. బయటి పీడనం 1 బార్ అనుకున్నారు. 1.013 పెడితే అన్నీ ఒక శాతం పైన తగ్గుతాయి. ఫ్లోమీటర్‌ను ఏ ఉష్ణోగ్రతకీ ఏ పీడనానికీ క్రమాంకనం చేశారో కూడా తెలియాలి కదా?

బరువుతూకం
తెలియాలి. మొత్తం ఒక శాతంలో కుదిరింది అన్నాను కానీ, మీటరు 27 డిగ్రీలకు చెబుతోందా, 20కి చెబుతోందా అన్నది తేలేదాకా ఆ కుదరడాన్ని గొప్పగా చెప్పుకోకూడదు. రెండు మూడు శాతం అటూ ఇటూ అవ్వచ్చు. మొదటి వందకీ చివరి వందకీ ఉన్న తేడా మాత్రం దానివల్ల రాదు, ఎందుకంటే మీటరు అన్ని భాగాల్లోనూ అదే.

వాల్వు మేస్త్రి
నింపేటప్పటి వేడి సంగతి ఎవరూ ఎత్తలేదు. నింపగానే 300 చూపించిన సిలిండర్ చల్లారాక ఎప్పుడూ 300 ఉండదు. దానికి లెక్క నాకు తెలుసు, ఉష్ణోగ్రతలు కెల్విన్‌లో పెట్టి నిష్పత్తి వేయడమే. 50 డిగ్రీల దగ్గర 301, 27కి వస్తే 301 × 300 ÷ 323, దాదాపు 280. గేజ్‌లో 279.

బరువుతూకం
పద్ధతి సరే, కెల్విన్ పెట్టడం ముఖ్యం, సెల్సియస్‌లో నిష్పత్తి వేస్తే జవాబు గాలికి పోతుంది. కానీ ఇదీ ఆదర్శ వాయువు లెక్కే. ఇంత సాంద్రత దగ్గర నిజమైన గాలి పీడనం, డిగ్రీ తగ్గితే ఆ నిష్పత్తి చెప్పేదానికంటే ఎక్కువగా పడుతుంది. 279 కాక ఇంకో పది బార్ దాకా కిందికి పోవచ్చు. 270 అనుకుంటే, అక్కడ జెడ్ 1.085 వేసి 6.8 × 271 ÷ 1.085, సుమారు 1,700 లీటర్లు. నిండు సిలిండర్ అనుకున్నదాంట్లో 146 లీటర్లు తక్కువ, నలభై చొప్పున మూడున్నర నిమిషాలు. అందుకే వేడిగా ఉన్నప్పుడు చూసిన 300ని కార్డుతో పోల్చకండి. చల్లారాక ముల్లు చూసి, తక్కువుంటే పైన మళ్ళీ నింపండి. సిలిండర్ మీద రాసిన పని పీడనం దాటనివ్వకండి.

వాల్వు మేస్త్రి
చల్లారాక మళ్ళీ నింపడం నేనూ చెప్పేదే. పది శాతం కోత మాత్రం నేను వదలను, కార్డు పోతే గుర్తుండేది అదే.

బరువుతూకం
కార్డు పోతే పన్నెండు కోయండి, పది కాదు. 6.8 × 245 × 0.88 = 1,466. అసలు విలువ 1,461.

పీల్చేగాలి
ఆగి చూసే పరీక్ష ఇవాళ చేశాం. 300 నుంచి 200కి తెచ్చి ప్రవాహం ఆపి వాల్వు మూయకుండా వదిలాం. పదో నిమిషానికి 202, ఇరవైకి 203, నలభైకి 203 మీదే ఆగింది. ఐదారు లేవలేదు, మూడే లేచింది.

బరువుతూకం
అయితే సగం చల్లదనం, మిగతా సగం గేజ్ లేదా మీటరు. రెండో గేజ్ దొరికితే 300, 200, 100 మూడు చోట్లా పోల్చి పెట్టండి. ఒకే చోట తప్పు చూపిస్తోందా, స్కేలంతా ఒకే దిక్కుకి జరిగిందా తెలిస్తే కార్డులో ఏ అంకెలు దిద్దాలో తేలుతుంది.

పీల్చేగాలి
పెడతాను. మీటరు మీద చిన్న అక్షరాల్లో 20 డిగ్రీలు, 1.013 బార్ అని ఉంది, ఇప్పుడే చూశాను.

మొదటిబెంచి
అయితే మీ మొత్తం లెక్క మళ్ళీ వేయాలి. అది లోపల గుండు తేలే మీటరా, ద్రవ్యరాశి కొలిచే మీటరా చెప్పండి. రెండింటికీ దిద్దుబాటు ఒకటి కాదు.